జూలై నెల వడ్డీ

మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకదాని మీద నాయన, రెండోదాని మీద చిన్నాయన నేసేవాళ్లు. ధర్మవరంలో మా వీధి అంతా అలాంటి ఇళ్లే. ముందు గదిలో గుంట తవ్వి మగ్గం దించేవాళ్లు, మిగిలిన చోట మనుషులు సర్దుకునేవాళ్లు. మొదట్లో పట్టు షావుకారు ఇచ్చేవాడు, చీర నేసి ఇస్తే కూలి లెక్కగట్టేవాడు. సొంతంగా పట్టు కొని, సొంతంగా చీర అమ్ముకోవాలని నాయనకు ఎన్నాళ్ల నుంచో కోరిక. డెబ్భైల చివర్లో బ్యాంకువాళ్లు నేతగాళ్లకు అప్పులిస్తున్నారని తెలిసి ఆరువేలు తీసుకున్నాడు. రెండో మగ్గం అలా వచ్చింది. కొంత పట్టు కూడా అలాగే వచ్చింది.

వడ్డీ ఏడాదికి నూటికి పన్నెండు. నాయన దాన్ని తన భాషలోకి మార్చుకున్నాడు. "నెలకు నూటికి రూపాయి. షావుకారు రెండ్రూపాయలు తీసుకుంటాడు. ఇంతకంటే ఏం కావాల్రా?" అని అందరికీ చెప్పేవాడు.

అప్పు నాయన పేరు మీదే ఉన్నా బ్యాంకుకు పోయేది చిన్నాయనే. అక్కడ గుమాస్తా కిటికీ ముందు నిలబడితే నాయనకు మాట పెగిలేది కాదు. చిన్నాయన అలా కాదు, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాడు. పేకాట ఆడతాడని, సినిమాలు ఎక్కువని పేరుంది. పేకాట నిజమే, పండగ రోజుల్లో. సినిమాలు కూడా నిజమే. అయితే మగ్గం మీద కూర్చుంటే మా వీధిలో ఆయనంత నున్నగా అంచు తీసేవాళ్లు తక్కువ.

నేను అప్పటికి అనంతపురంలో ఒక దినపత్రికలో పనిచేస్తున్నాను. వానలు రాలేదనీ, వేరుశనగ ఎండిపోయిందనీ రాయడమే ఎక్కువ పని. ఆదివారాలు ఇంటికి వచ్చేవాణ్ని.

ఆ ఏడు జూన్ చివర్లో బెంగళూరు వ్యాపారి ఒకాయన మా చీరలు కొన్నాడు. నాయన అందులోంచి ఐదు వందలు లెక్కబెట్టి చిన్నాయన చేతికిచ్చి, బ్యాంకులో కట్టి రమ్మన్నాడు. చిన్నాయన పోయాడు, వచ్చాడు. "కట్టినా అన్నా" అన్నాడు. అంతే. రసీదు అడగాలని నాయనకు తోచలేదు, తేవాలని చిన్నాయనకు తోచలేదు. షావుకారు దగ్గర దుడ్లు తిరిగిస్తే చీటీ అడగడం మా వాళ్లలో లేదు. అడిగితే నమ్మకం లేదని ముఖం మీద అన్నట్టే. చిన్నాయన బ్యాంకులోనూ అలాగే మర్యాద పాటించాడు. గుమాస్తా ముద్ర వేసి చించి ఇచ్చిన ముక్కను అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాడు.

దసరాకు ముందు నాయన ఇంకొంత అప్పుకు అర్జీ పెట్టుకోవాలనుకుని ఖాతా నకలు అడిగాడు. పొడుగాటి కాగితం మీద చేత్తో రాసిచ్చారు. తేదీ, జమ, ఖర్చు, ఇంకా తీరాల్సిన నిల్వ అన్నీ వరసగా ఉన్నాయి. నాయనకు అంకెలు బాగా వచ్చు. జూన్ నెల దగ్గర వేలు ఆపి, కిందికి జరిపి, మళ్లీ పైకి తెచ్చాడు. ఐదు వందల జమ లేదు.

ఎకాయెకి తమ్ముడి మీద పడలేదాయన. అది ఆయన తరఫున చెప్పాల్సిన మాట. మొదట తనే బ్యాంకుకు పోయాడు. కిటికీ వెనక కూర్చున్న కొత్త గుమాస్తా తను రాసిచ్చిన కాగితమే అటూ ఇటూ తిప్పి, "ఇందులో లేదంటే కట్టలేదనేనండీ" అన్నాడు. అది విని నాయన ఇంటికి వచ్చాడు. ఆ రోజు సెలవు పెట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. గడప పక్కన కూర్చుని మా పేపరే చదువుకుంటున్నాను.

"ఐదు నూర్లు ఏం చేసినావురా?"

చిన్నాయన మగ్గంలోంచి తల ఎత్తాడు. "ఏ ఐదు నూర్లు?"

"జూన్లో ఇచ్చినా చూడు, అవి."

"బ్యాంకులో కట్టినా కదన్నా. ఆ పొద్దే చెప్పినా."

"బ్యాంకోళ్లు లేదంటాండారు."

"అయితే బ్యాంకోళ్లను అడుగు."

"అడిగే వస్తాండా. కాగితం సూడు, ఈడ యాడన్నా ఉండాదేమో సూపించు." నాయన కాగితం మగ్గం మీదికి విసిరాడు. "జూలైలో సైకిలు కొంటివే, దాని దుడ్లు యాడివి?"

"మా బామ్మర్ది ఇచ్చినాడని చెప్పినా కదా."

"నీ బామ్మర్ది గోరంట్లలో కూలికి నేస్తాడు. వాడు నీకు సైకిలు కొనిస్తాడా? పేకాట ఆడి ఓడిపోయింటే చెప్పు, ఆడినానని. తిట్టి ఊరుకుంటా."

చిన్నాయన మగ్గం దిగాడు. ఆయన నాయన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "పేపరోడా, నువ్వన్నా చెప్పప్పా, నేను తింటానా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను పేపరు మడిచి, "బ్యాంకులో ఇంకోసారి విచారిస్తే మేలు చిన్నాయనా" అన్నాను. అది అవునూ కాదు, కాదూ కాదు. ఆయన నవ్వు ఆగిపోయింది.

మర్నాడు నాయన షావుకారు దగ్గరకు పోయాడు. సొంత పట్టు చాలనప్పుడు మేమింకా ఆయన దగ్గరే తెచ్చుకునేవాళ్లం. "నా తమ్మునికి నా పేరు మీద పట్టు ఇయ్యద్దు. ఇస్తే నాకు సంబంధం లేదు" అని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు. షావుకారు అంగట్లో ఆ పూట పట్టు కోసం వచ్చిన నేతగాళ్లు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. పొద్దు గూకే వేళకు వీధంతా తెలిసిపోయింది. చిన్నాయన ఏ షావుకారు గడప తొక్కినా, "పట్టు లేదప్పా ఇప్పుడు" అనే మాటే విన్నాడు. వారం తిరక్కుండా చిన్నమ్మనూ, వాళ్ల పాపనూ తీసుకుని, సైకిలు బస్సు మీద వేసుకుని గోరంట్లకు పోయాడు. పోయే ముందు చిన్నమ్మ మా అమ్మ కాళ్లకు మొక్కింది. నాయన లోపలి గదిలోంచి బయటికి రాలేదు.

రెండో మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉండిపోయింది.

మూడు నాలుగు ఆదివారాలు గడిచాక నాయన ఆ కాగితం మళ్లీ తీశాడు. బ్యాంకులు వడ్డీ ఎక్కువ రాసుకుంటాయని హోటల్లో ఎవరో చెప్పారట.

"మనవాడు తినింది ఒకటి. వీళ్లు తింటాండేదెంతో సూడు. సదువుకున్నోనివి కదా."

రైతుల అప్పుల మీద వార్తలు రాస్తున్నప్పుడు అనంతపురంలో ఒక బ్యాంకు ఉద్యోగి నాకు ఆ లెక్క నేర్పాడు. ఖాతా మొత్తం తిరగదోడనక్కర్లేదు, ఒక్క నెల తీసుకుని చూస్తే చాలన్నాడు. నిల్వను వడ్డీ శాతంతోనూ, రోజులతోనూ హెచ్చించి, ముప్పై ఆరు వేల ఐదు వందలతో భాగించాలి. నూటికి ఇంత, ఏడాదికి మూడు వందల అరవై ఐదు రోజులు, ఆ రెండూ హెచ్చిస్తే వచ్చేదే ఆ సంఖ్య. ఏ నెల పడితే ఆ నెల తీసుకోకూడదని కూడా చెప్పాడు. మధ్యలో జమలుంటే నిల్వ మారినప్పుడల్లా రోజులు విడగొట్టి లెక్కెయ్యాలి. నెల పొడుగునా నిల్వ కదలకుండా ఉన్న నెల దొరికితే ఒక్క హెచ్చవేతతో పోతుంది.

మాకు అలాంటి నెల జూలై. ఆషాఢంలో చీరలు కదల్లేదు, మేము కట్టిందేమీ లేదు. మా ఖాతాలో వడ్డీ నెలాఖరున రాసేవాళ్లు. జూన్ వడ్డీ కూడా కలిపేశాక కాగితంలో నిల్వ నాలుగు వేల నూట నలభై ఎనిమిది రూపాయల అరవై పైసలు. జూలై ముప్పై ఒకటిన రాసిన వడ్డీ ముప్పై ఏడు రూపాయల పందొమ్మిది పైసలు.

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. నేను పాత న్యూస్‌ప్రింట్ ముక్క మీద లెక్క మొదలుపెట్టాను. పన్నెండును ముప్పై ఒకటితో హెచ్చిస్తే మూడు వందల డెబ్భై రెండు. నిల్వను దానితో హెచ్చించి భాగించాను. నలభై రెండు రూపాయల ఇరవై ఎనిమిది పైసలు వచ్చింది. ఎక్కడో తప్పానని మళ్లీ చేశాను. అదే వచ్చింది.

"ఎక్కువేసినారా?" నాయన మగ్గంలోంచే అడిగాడు.

"లేదు నాయనా. తక్కువేసినారు."

"ఎంత?"

"ఐదు రూపాయల తొమ్మిది పైసలు."

నాయన పెద్దగా నవ్వాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి. "తక్కువేసినారా! అయితే మూసుకో. పోయి చెప్పేవు సుమా, పేపరోనివి, నీకు నోరు నిలవదు."

అమ్మ కూడా నవ్వింది. నాయన పేక దారం చుట్టిన నాడెను రెండుసార్లు అటూ ఇటూ విసిరాడు. మూడోసారి నాడె చేతిలోనే ఆగిపోయింది.

"ఒరే, ఏదో తప్పు రాయాలంటే ఐదు రూపాయలే ఎందుకు తప్పినారు?"

ఆయన అడుగుతున్నది నన్ను కాదు.

"నూటికి రూపాయి" అన్నాడు. "నెలకు ఐదు రూపాయలంటే ఐదు నూర్లకు వడ్డీ."

మిగిలిన తొమ్మిది పైసలు ముప్పై ఒకటో రోజువీ, రోజుల లెక్కవీ. వాటి సంగతి ఆయనకు చెప్పనక్కర్లేకపోయింది. నేను కాగితంలో ఉన్న నిల్వలోంచి ఐదు వందలు తీసేశాను. మూడు వేల ఆరు వందల నలభై ఎనిమిది రూపాయల అరవై పైసలు. మళ్లీ హెచ్చించి భాగించాను. ముప్పై ఏడు రూపాయల పందొమ్మిది పైసలు. పైసా తేడా లేదు.

అంటే జూలై వడ్డీ లెక్కేసినవాళ్లు ఐదు వందలు తగ్గిన నిల్వ మీదే లెక్కేశారు. జూలై ఒకటో తేదీకి ముందే ఆ దుడ్లు బ్యాంకుకు చేరాయి. జూన్ చివర్లో కట్టిన సొమ్ము జూన్ వడ్డీలో రెండు మూడు రోజుల మేరకే కనపడుతుంది, పైసల్లో కలిసిపోతుంది. జూలైలో నెలంతా కనపడింది. కట్టిన సంగతి నకలులోంచి జారిపోయింది గానీ, దాని వడ్డీ జారిపోలేదు.

ఇదంతా నేను నాయనకు వివరించబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "తెలిసిందిలే" అన్నాడు.

అమ్మ వంటింటి గడప మీద కూర్చుండిపోయింది. "ఆ పిల్ల పోతా పోతా నా కాళ్లకు మొక్కిపాయ" అంది. ఎవరినీ తిట్టినట్టు కాదు, తనకు తనే చెప్పుకున్నట్టు అంది. నాయన ఆ పూట ఇక నేయలేదు.

సోమవారం నేను అనంతపురం పోకుండా నాయనతో బ్యాంకుకు పోయాను. లెక్క కాగితం చూపించి, అసలు పుస్తకం తీయమన్నాను. గుమాస్తా లేచి, లావుపాటి లెడ్జరు రెండు చేతులతో మోసుకొచ్చి మా పేజీ తీశాడు. జూన్ ఇరవై ఎనిమిది, నగదు జమ, ఐదు వందలు. నల్ల సిరాతో నిండుగా ఉంది.

"అయ్యో" అన్నాడు. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లుంటాయేమో, కోస్తా నుంచి కొత్తగా వచ్చాడు. "ఎత్తి రాసేటప్పుడు ఒక వరస వదిలేశానండీ. జమలూ, వడ్డీలూ పుస్తకంలోంచి చూసి రాసి, నిల్వలు మాత్రం నేనే కూడుకుంటూ పోయాను. అందుకే కింద దాకా ఐదు వందలు ఎక్కువ వచ్చేసింది."

ఎర్ర సిరాతో ఆ వరస చేర్చి, కింది నిల్వలన్నీ కొట్టేసి దిద్ది, పక్కన సంతకాలు పెట్టాడు. మేనేజరుకు చెబుతామని భయపడ్డాడనుకుంటాను.

"మీకు నష్టం ఏమీ రాలేదు కదండీ. పుస్తకంలో అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు.

వేరే రోజైతే నాయన ఆ మాటకు కిటికీ ఊడబెరికేవాడు. ఆ రోజు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ, "లేదప్పా, మాకేం నష్టం రాలేదు" అన్నాడు. బయటికొచ్చాక, "వాన్ని ఏమనేది? వాడు ఒక వరసే వదిలినాడు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే గోరంట్ల బస్సెక్కాం. దారంతా నాయన జేబు తడుముకుంటూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. కాయ కట్టని వేరుశనగ చేలు, మధ్యలో రాళ్ల గుట్టలు. ఆ నెల నేను రాసిన వార్తలన్నీ ఆ చేల గురించే. మా ఇంట్లో ఒక మగ్గం ఆగిపోయిన సంగతి ఎవరికీ వార్త కాదు.

చిన్నాయన బావమరిది ఇంట్లో, వేరేవాళ్ల పట్టుతో, కూలికి నేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేయి ఆపలేదు. చిన్నమ్మ చాప వేసి, చెంబుతో నీళ్లు తెచ్చిపెట్టింది. నాయన చాప మీద కూర్చోలేదు. మగ్గం పక్కకు పోయి నిలబడ్డాడు.

"ఏమన్నా, ఇంత దూరం వచ్చినావు" అన్నాడు చిన్నాయన, దారం మీంచి కళ్లు తీయకుండా.

నాయన జేబులోంచి కాగితం తీసి, విప్పి, ఎర్ర సిరా వైపు పైకి పెట్టి పడుగు మీద ఉంచాడు. "బ్యాంకోళ్లు రాయడం మరిసిపోయినారంట. నీ దుడ్లు ఆ పొద్దే జమయినాయి."

చిన్నాయన చూశాడు. "ఎట్ల తెలిసె?"

"వీడు వడ్డీ లెక్క గట్టినాడు. జూలై నెలది. ఐదు రూపాయలు తక్కువొచ్చె. ఐదు నూర్ల వడ్డీ."

"అయితే నేను చెప్తే నమ్మలేదు, ఐదు రూపాయలు చెప్తే నమ్మినావు."

చిన్నాయన కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని తీసి నాయనకు తిరిగిచ్చాడు, పడుగు పోగు ఒక్కటి కూడా కదలకుండా.

"రారా ఇంటికి" అన్నాడు నాయన. "నీ మగ్గం అట్లే ఉండాది. చీర అట్లే ఉండాది."

"ఈడ అడ్వాన్సు తీసుకున్నా. ఈ చీర నేసి మగ్గం మీంచి తెగాల."

"తెగినాక రా."

అప్పుడు చిన్నమ్మ మాట్లాడింది. బావ ముందు ఆమె నోరు విప్పగా నేను అంతవరకు వినలేదు. స్తంభం వెనక నిలబడి, నెమ్మదిగానే అంది. "ఇంటికి రమ్మంటే వస్తాం బావా. వీధిలోకి ఎట్ల వచ్చేది? ఆడ అందరికీ ఈయన దొంగనే కదా. మీరు షావుకారు అంగట్లో చెప్పినారు. మళ్లా ఆడే చెప్పండి. చెప్పినాక కబురు పంపండి, మేమే వస్తాం."

"చెప్తా" అన్నాడు నాయన. "రేపే చెప్తా."

చెప్పాడు. మాట తప్పలేదు. మర్నాడు పొద్దున్నే, నేతగాళ్లు పట్టు కోసం వచ్చే వేళ చూసుకుని షావుకారు అంగడికి పోయాడు. నన్నూ తీసుకెళ్లాడు, లెక్క అడిగితే చెప్పడానికి. అందరూ వినేట్టు, నిలబడే చెప్పాడు. తమ్ముడు కట్టినాడు, బ్యాంకు నకలులో ఒక వరస తప్పిపోయింది, తప్పు నాది, అని. అంత సూటిగా నాయన తన తప్పు ఒప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

షావుకారు తక్కెట్లో పట్టు తూస్తున్నవాడు తూస్తూనే విన్నాడు. కాగితం అందుకుని, ఎర్ర సిరా చూసి, నవ్వాడు.

"మంచి పని చేసినావప్పా. ఎంతయినా రక్తం కదా. ఎవురో ఒకరు సర్దుకోవాల."

"సర్దుకోవడం కాదు సామీ. వాడు కట్టినాడు. బ్యాంకోళ్లే ఒప్పుకున్నారు."

"ఒప్పుకుంటారు. నువ్వు దుడ్లు కట్టేస్తే ఒప్పుకోరా?" అన్నాడు షావుకారు. ద్వేషంతో కాదు, మెచ్చుకోలుగా.

పక్కన కూర్చున్న ముసలాయన ఒకరు, మా వీధివాడే, నాయన భుజం తట్టాడు. "మా అన్న నాకు ఇట్లా చేసింటే నేను బాగుపడిందునప్పా."

"మీరంతా యాడికి పోతాండారు?" నాయన గొంతు పెరిగింది. "ఒరే, చెప్పరా ఆ వడ్డీ లెక్క."

నేను చెప్పాను. నిల్వ ఇంత, రోజులు ముప్పై ఒకటి, భాగిస్తే ఇంత రావాలి, బ్యాంకు రాసింది ఇంత, తేడా ఐదు రూపాయలు, నెలకు నూటికి రూపాయి చొప్పున అది ఐదు వందల వడ్డీ, కాబట్టి ఐదు వందలు జూలైకి ముందే జమయింది. పత్రికలో రాసేటంత తేటగా చెప్పాను. వాళ్లందరికీ వడ్డీ లెక్కలు నాకంటే బాగా తెలుసు. శ్రద్ధగానే విన్నారు, తలలూపారు.

"కొడుకును కూడా పిలుసుకొచ్చినాడు పాపం" అన్నారెవరో వెనక నుంచి.

షావుకారు కాగితం మడిచి నాయనకిచ్చాడు. "నీ తమ్మున్ని రమ్మను. పట్టు ఇస్తా. నీ పేరు మీదే ఇస్తాలే, వాని పేరు మీద కాదు. నువ్వు పూచీ ఉండావు కదా, నాకేం భయం?"

నాయన అక్కడి నుంచి వీధిలోకి వచ్చాడు. ఆ కాగితం పట్టుకుని మా పక్కింటికి పోయాడు, ఎదురింటికి పోయాడు. ప్రతి గడపలోనూ మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. నేను రెండిళ్ల దాకా వెంట పోయి, ఆ పైన బస్సు వేళయిందని చెప్పి ఆగిపోయాను. నేను బస్సుకు బయలుదేరేసరికి వీధి మలుపులో ఉండే నేతగాడి చెయ్యి పట్టుకుని, ఎర్ర వరస మీద అతని వేలు ఆనించి, "అర్థమాయనా, లేదా?" అని అడుగుతున్నాడు.

"అర్థమాయలే అన్నా" అన్నాడతను, ఓపికగా, మంచి మనసుతోనే. "తమ్ముడు తమ్ముడే కదా."

ఆ పై ఆదివారం నేను వచ్చేసరికి గోరంట్లకు ఇంకా ఎవరూ కబురు పంపలేదు. పంపమని నేను అన్నాను. నాయన మగ్గంలోంచి పైకి చూడకుండా, "ఏమని పంపేది?" అన్నాడు.